ఆరు చీరల అమ్మకానికి లక్ష వీక్షణలు అవసరమా?

రీల్, కరౌసెల్, ఒకే ఫొటో, రాతతో కూడిన పోస్ట్: ఏ వ్యాపార లక్ష్యానికి ఏది తగినది?

భూదాన్ పోచంపల్లిలో ఒక నేత కుటుంబాన్ని ఊహించుకుందాం. ఒక పడుగుపై నేసిన ఆరు పట్టు ఇక్కత్ చీరలు సిద్ధమయ్యాయి. దీపావళికి ఇంకా నెల రోజుల గడువుంది. ప్రతిసారీ మాదిరిగా వాటిని మాస్టర్ వీవర్‌కు అప్పగించకుండా, ఇన్‌స్టాగ్రామ్ ద్వారా తామే నేరుగా అమ్ముకోవాలని ఇంటివారు నిశ్చయించారు. ఇంటి కోడలు ఆసు పోస్తుండగా ఎవరో 30 సెకన్ల వీడియో తీశారు. మూడు రోజుల్లో దానికి లక్ష వీక్షణలు వచ్చాయి. చేతులు జోడించిన బొమ్మలూ, 'అద్భుతం' అన్న వ్యాఖ్యలూ వెల్లువెత్తాయి. 'ధర ఎంత?' అని అడుగుతూ 150 సందేశాలు చేరాయి. వారం తిరిగేసరికి అమ్ముడైనవి మాత్రం రెండు చీరలే.

వీడియో విఫలమైందని అనలేం. ఎన్నడూ తమ పేరు వినని లక్షమంది ముందుకు ఆ కుటుంబాన్ని తీసుకువెళ్లడమే అది చేయగలిగిన పని. ఆ పని అది చేసింది. కానీ ఆ ఇంటికి అప్పుడు కావలసింది లక్షమంది పరిచయం కాదు, ఆరుగురు కొనుగోలుదారులు.

సామాజిక మాధ్యమాల్లో అమ్మకాలు సాగించే చిన్న వ్యాపారులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఏ రూపంలో చెప్పాలన్నది ముందే నిర్ణయమైపోతుంది. ఎందుకు చెబుతున్నామన్న ప్రశ్న ఆ తర్వాత వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు.

వీడియో అలవాటు ఎలా మొదలైంది?

భారత ప్రభుత్వం 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. రోజుల వ్యవధిలోనే, జులైలో, ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్‌ను ప్రవేశపెట్టింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిందీ భారత్‌లోనే. అప్పటినుంచి 'ఆన్‌లైన్‌లో అమ్మాలంటే వీడియో పెట్టాలి' అనే మాట వ్యాపారుల్లో స్థిరపడిపోయింది.

ఆ మాటలో సగం నిజముంది. పేజీని అనుసరించని కొత్తవారికి చేరడంలో చిన్న వీడియోకు అనుకూలత ఎక్కువ. ఒక పోస్టును ఎంతమందికి చూపాలన్నది నిర్ణయించే అంశాల్లో ముఖ్యమైనవి మూడని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో వివరించారు. అవి ఎంతసేపు చూశారన్నది, ఎంతమంది లైక్ చేశారన్నది, ఎంతమంది ఇతరులకు పంపారన్నది. ఇప్పటికే అనుసరిస్తున్నవారికి చేరడంలో లైక్‌లకు ప్రాధాన్యం కాస్త ఎక్కువ. అపరిచితులకు చేరడంలో ఇతరులకు పంపడానికి ప్రాధాన్యం ఎక్కువ.

ఆసు పోసే వీడియో ఈ లెక్కకు చక్కగా సరిపోతుంది. అర్ధచంద్రాకారపు చట్రంపై బిగించిన మేకుల చుట్టూ నూలును తిప్పే ఆ పనిలో ఒక చీరకు దాదాపు 9,000 సార్లు చేతిని ముందుకూ వెనక్కూ ఆడించాలి. తల్లి పడుతున్న ఆ అవస్థను చూసే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ చేతి కదలికలో లయ ఉంటుంది. చూసేవారి వేలు తెరపై కాసేపు ఆగుతుంది, చూసినవారు మరొకరికి పంపుతారు. కదలికే విషయమైనప్పుడు వీడియోకు ప్రత్యామ్నాయం లేదు.

అయితే చీర కొనబోయే మనిషికి ఆసు ఎలా పోస్తారన్నది మొదటి సందేహం కాదు. చీర రంగు నిజంగా ఇదేనా, కొంగు ఎలా ఉంటుంది, జాకెట్టు ముక్క ఉందా, ఇది అచ్చమైన ఇక్కతా లేక అచ్చువేసిన నకలా అన్నవి ఆమె ప్రశ్నలు. 30 సెకన్ల వీడియోలో వీటికి జవాబులు ఇరికించవచ్చు. కానీ ఆమె ఆగి చూడాలనుకున్న చోట వీడియో ఆగదు. కొంగును మరోసారి చూడాలంటే వీడియోను వెనక్కి జరుపుకోవాలి.

నిదానంగా చూసేవారికి కరౌసెల్

ఒకే పోస్టులో వరుసగా అమర్చిన చిత్రాలను వేలితో పక్కకు జరుపుతూ చూసే పద్ధతే కరౌసెల్. 2017 ఫిబ్రవరిలో పది చిత్రాల పరిమితితో మొదలైన ఈ సదుపాయాన్ని ఇన్‌స్టాగ్రామ్ 2024లో ఇరవైకి పెంచింది. ఇరవై పెట్టవచ్చు కదా అని ఇరవై పెట్టాల్సిన పనిలేదు. ఒక చీరకు ఏడు చాలు. దుకాణంలో గుమాస్తా చీరను ఏ వరుసలో విప్పి చూపిస్తాడో, చిత్రాలు కూడా అదే వరుసలో ఉంటే చూసేవారికి తికమక ఉండదు.

మొదటి చిత్రంలో చీర మొత్తం, కట్టుకున్న మనిషిపై కనబడాలి. దాని మీదే ధర ఉండాలి. రెండోది కొంగు. మూడోది అంచు, బాగా దగ్గరనుంచి. నాలుగోది జాకెట్టు ముక్క. అయిదో చిత్రంలో చీరను తిరగేసి, ముందు భాగమూ వెనుక భాగమూ పక్కపక్కన కనబడేలా మడిచి చూపాలి. ఆరోది పగటి వెలుతురులో తీసిన మరో ఫొటో. ఏడోది పొడవు, వెడల్పు, బరువు, ఉతికే విధానం, పంపే ఏర్పాటు రాసిన పట్టిక.

వీటిలో అయిదో చిత్రానికి ఉన్న విలువ మిగిలిన ఆరింటికీ లేదు. ఇక్కత్‌లో నూలును ముందుగా చిటికి కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత నేస్తారు. రంగు దారంలోనే ఉంటుంది కనుక బొమ్మ రెండు వైపులా దాదాపు ఒకే గాఢతతో కనబడుతుంది. బొమ్మ అంచులు కత్తిరించినట్లు కాకుండా, కాస్త అలుక్కుపోయినట్లు ఉంటాయి. గుడ్డపై అచ్చువేసిన నకలు రకంలో సాధారణంగా వెనుక వైపు వెలిసినట్లుంటుంది. బొమ్మ గీతలు మరీ పదునుగా ఉంటాయి. ఈ తేడాను మాటల్లో వంద వాక్యాలు రాసినా నమ్మనివారు ఆ ఒక్క చిత్రాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి చూసుకుని నమ్ముతారు.

ఇక్కడొక పరిమితిని కూడా గుర్తించాలి. ఈ పరీక్ష అచ్చువేసిన నకలును మాత్రమే పట్టిస్తుంది. రంగులద్దిన నూలుతోనే మరమగ్గంపై నేసిన గుడ్డను అది పట్టించలేదు. చేనేత అని చెప్పుకోవాలంటే హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ వంటి ఆధారాన్ని వేరొక చిత్రంగా చేర్చడం తప్పనిసరి.

రంగు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫోన్ కెమెరాలు రంగులను తమంతట తామే సరిదిద్దుతాయి. ట్యూబులైటు కింద తీసిన ముదురు మెరూన్ కొన్ని ఫోన్లలో ఎరుపుగా తేలుతుంది. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, చీర పక్కనే ఒక తెల్ల కాగితం ఉంచి తీస్తే మేలు. కాగితం పసుపుగానో నీలంగానో కనబడితే చీర రంగు కూడా మారినట్లే. పార్సిల్ విప్పాక 'ఫొటోలో ఉన్న రంగు ఇది కాదు' అంటూ వచ్చే ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఇదే.

సాంకేతికంగా ఒక చిన్న చిక్కు ఉంది. కరౌసెల్‌లో మొదటి చిత్రానికి ఎంచుకున్న ఆకారమే మిగతావాటికీ వర్తిస్తుంది. మొదటిది చతురస్రంగా ఉంటే నిలువుగా తీసిన కొంగు ఫొటో పైనా కిందా తెగిపోతుంది. అన్నింటినీ మొదటినుంచీ నిలువుగానే తీసుకోవడం మంచిది.

కరౌసెల్‌కు ఇంకొక లాభమూ ఉంది. అనుసరించేవారు మొదటి చిత్రం చూసి పక్కకు జరపకుండా దాటిపోతే, తరచుగా అదే పోస్టును రెండో చిత్రంతో వారికి మళ్లీ చూపుతామని ఇన్‌స్టాగ్రామ్ చెబుతోంది. అందుకే రెండో స్థానంలో అందమైన కొంగు ఉండాలి తప్ప, దుకాణం లోగో కాదు.

లెక్క వేసి చూస్తే

మొదట చెప్పుకున్న కుటుంబం రెండో వారంలో మిగిలిన నాలుగు చీరలకూ నాలుగు కరౌసెల్‌లు పెట్టిందనుకుందాం. నాలుగింటికీ కలిపి 1,800 వీక్షణలు వచ్చాయి. 60 మంది వాటిని సేవ్ చేసుకున్నారు. 22 సందేశాలు వచ్చాయి. నాలుగు చీరలూ అమ్ముడయ్యాయి. ఈ అంకెలు ఎవరి ఖాతా నుంచీ తీసుకున్నవి కావు. లెక్క సాగే తీరు తెలియడానికి వేసుకున్నవి.

ఒక్కో సందేశానికి సమాధానం ఇచ్చి, ధర చెప్పి, ఇంకో ఫొటో పంపడానికి సగటున అయిదు నిమిషాలు పడుతుందనుకుంటే, రీల్ తెచ్చిన 150 సందేశాలకు 750 నిమిషాలు, అంటే పన్నెండున్నర గంటలు ఖర్చయ్యాయి. రోజుకు ఎనిమిది గంటల మగ్గం పనిలో అది ఒకటిన్నర రోజు పైమాటే. దాని ఫలితం రెండు చీరల అమ్మకం. కరౌసెల్ తెచ్చిన 22 సందేశాలకు పట్టింది 110 నిమిషాలు. ఫలితం నాలుగు చీరలు. అంటే ఒక చీర అమ్మడానికి మొదటి దారిలో ఆరుంపావు గంటలు పడితే, రెండో దారిలో అరగంట కూడా పట్టలేదు.

రీల్ చూసి సందేశం పంపినవారిలో ఎక్కువమందికి ధర తెలియదు. తెలియగానే వెళ్లిపోయారు. కరౌసెల్ చూసినవారికి ధర మొదటి చిత్రంలోనే కనబడింది కనుక, అది తమకు అందుబాటులో ఉందనుకున్నవారే పలకరించారు. 'ధర కోసం మెసేజ్ చేయండి' అని రాయడం వల్ల సందేశాలు పెరిగే మాట వాస్తవమే. నేసే చేతులూ జవాబులిచ్చే చేతులూ ఒకటే అయిన ఇంట్లో ఆ పెరుగుదల లాభం కాదు.

అలాగని కరౌసెల్ నెగ్గింది, రీల్ ఓడింది అనుకుంటే లెక్క తప్పుతుంది. రెండో వారంలో కొన్న నలుగురిలో ఇద్దరు మొదటి వారం రీల్ చూసి పేజీని అనుసరించడం మొదలుపెట్టినవారే కావచ్చు. ఆ సంగతి యాప్ చూపే అంకెల్లో తెలియదు. కొన్నవారిని 'మా గురించి మొదట ఎక్కడ చూశారు?' అని అడిగి, చీర పేరు ఎదుట నోటుపుస్తకంలో రాసుకుంటేనే తెలుస్తుంది. యాభై మంది జవాబులు పోగయ్యాక ఆ పుస్తకం ఏ గణాంక సాధనానికీ తీసిపోదు.

ఒక్క ఫొటో ఎప్పుడు?

చెప్పవలసింది ఒకే విషయమైతే ఒకే చిత్రం చాలు. ఫలానా తేదీల్లో హైదరాబాద్‌లో ప్రదర్శన ఉంది, ఫలానా స్టాల్‌లో ఉంటాం. లేదా రెండు చీరలే మిగిలాయి. ఇలాంటి కబురుకు ఏడు చిత్రాలు పెడితే అసలు సంగతి నాలుగో చిత్రంలో దాగిపోతుంది. వీడియో తీస్తే తేదీ తెరపై రెండు సెకన్లు మెరిసి మాయమవుతుంది.

తెలుగునాట ఒకే చిత్రానికి మరో గుణం ఉంది. అది వాట్సాప్‌లో చేతులు మారుతుంది. అక్క చెల్లెలికి పంపుతుంది, చెల్లెలు ఆఫీసు బృందంలో పెడుతుంది. ఈ ప్రయాణంలో చిత్రం కింద రాసిన వివరం తరచుగా రాలిపోతుంది, చిత్రం మాత్రమే మిగులుతుంది. అందువల్ల ధర, ఊరి పేరు, ఫోన్ నంబరు చిత్రంలోనే ఉండాలి. తేదీ కూడా ఉండాలి. తేదీ లేని దసరా తగ్గింపు చిత్రం సంక్రాంతి దాటాక కూడా తిరుగుతూనే ఉంటుంది. ఆ ధరకే ఇమ్మని అడిగేవారితో వాదన తప్పదు.

రాత మాత్రమే సరిపోయే సందర్భాలు

బట్టల వ్యాపారానికి రాతతో పనేముందని అనిపించవచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో రాతకు విడిగా చోటు లేదు. ఫేస్‌బుక్, లింక్డ్‌ఇన్, వాట్సాప్ చానెల్, 2023 జులైలో వచ్చిన థ్రెడ్స్ అందుకు అనువైనవి. కొత్తవారిని రప్పించడం రాత పని కాదు. ఇప్పటికే డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారితో మాట్లాడటం దాని పని.

వానలు పట్టుకుని రంగులద్దిన నూలు ఆరకపోతే పార్సిల్ వారం ఆలస్యమవుతుంది. ఆ సంగతిని నాలుగు వాక్యాల్లో, కారణంతో, కొత్త తేదీతో రాస్తే చదివినవారు అర్థం చేసుకుంటారు. అదే విషయాన్ని నేపథ్య సంగీతంతో వీడియోగా పెడితే వెటకారంలా తోస్తుంది.

మరొక సందర్భం మోసాలకు సంబంధించినది. ఆదరణ పొందిన చీర ఫొటోలను, వీడియోలను ఎత్తుకెళ్లి, అదే తీరు పేరుతో నకిలీ ఖాతా తెరిచి, ముందస్తు చెల్లింపులు వసూలు చేసి మాయమయ్యేవారున్నారు. అలాంటప్పుడు తమ అసలు ఖాతా పేరు, డబ్బు పంపవలసిన ఒకే ఒక్క నంబరు స్పష్టంగా రాసిన పోస్టును పేజీ పైభాగంలో స్థిరంగా ఉంచాలి. మోసపోయినవారు సైబర్ నేరాల జాతీయ హెల్ప్‌లైన్ 1930కు వెంటనే ఫోన్ చేయాలని కూడా అందులో రాయవచ్చు. రాసిన అక్షరాన్ని కాపీ చేసుకోవచ్చు, వెతికితే దొరుకుతుంది. చిత్రంలోని అంకెలను చూసి టైపు చేసేటప్పుడు ఒక అంకె తప్పినా డబ్బు మరొకరికి చేరుతుంది.

లక్ష్యం మారితే ఎంపికా మారుతుంది

ఇదే కుటుంబానికి ఆరు చీరలు అమ్మడం కాక, ఏడాది పొడవునా నెలకు ఇరవై చీరలు తీసుకునే బెంగళూరు బొటీక్ ఒకటి కావాలనుకుందాం. అప్పుడు చూడవలసినవారు లక్షమంది కాదు, యాభైమంది. వారికి ఆసు వీడియో ముచ్చటగానే ఉంటుంది కానీ నిర్ణయం దానితో జరగదు. ఎన్ని మగ్గాలున్నాయి, ఒక పడుగుకు ఎన్ని రోజులు పడుతుంది, రంగు మార్చమంటే కనీసం ఎన్ని చీరలకు ఆర్డరివ్వాలి, చెల్లింపు ఎలా అన్నవి వారికి కావాలి. లింక్డ్‌ఇన్‌లో సూటిగా రాసిన ఒక పోస్టు, దానికి జతగా నమూనాల పీడీఎఫ్ అక్కడ పని చేస్తాయి.

పోచంపల్లికి వచ్చే సందర్శకులకు మగ్గం చూపి, చిటికి కట్టడం నేర్పే ఒకరోజు శిక్షణ నిర్వహించాలనుకుంటే మళ్లీ వీడియోదే పైచేయి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించిన ఊరది. అక్కడ అమ్ముతున్నది వస్తువు కాదు, అనుభవం. సరుకు అయిపోయే ప్రశ్న లేదు కనుక కొత్తవారు ఎంతమంది చూస్తే అంత మంచిది.

ఆ వీడియోలో సినిమా పాట వాడాలన్న కోరిక సహజం. వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్ అనుమతించే సంగీతం పరిమితం. అనుమతి లేని పాట పెడితే శబ్దం తీసేయవచ్చు, వీడియోనే తొలగించవచ్చు. మగ్గం చప్పుడు ఎవరి హక్కూ కాదు, వినడానికీ బాగుంటుంది. శబ్దం ఆపి చూసేవారి కోసం తెరపై రెండు మూడు మాటలు రాస్తే చాలు. ఆ మాటలు తెర అడుగున ఉండకూడదు. ఖాతా పేరూ, బటన్లూ వాటిని కప్పేస్తాయి.

ఏ అంకె చూడాలి?

నాలుగు రూపాలనూ ఒకే అంకెతో తూచడం మరో సాధారణ పొరపాటు. వీక్షణల సంఖ్య అన్నింటికీ కనబడుతుంది కాబట్టి దాన్నే పోల్చుకుంటారు. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే అది మూడు వీక్షణలు. రీల్‌కైతే చూసినవారిలో అనుసరించనివారు ఎందరు, ఇతరులకు పంపినవారు ఎందరు అన్నది ఇన్‌సైట్స్‌లో చూడాలి. కరౌసెల్‌కు సేవ్‌లు, ఆ తర్వాత వచ్చిన సందేశాలు ముఖ్యం. సేవ్ చేసుకున్న మనిషి జీతం వచ్చే రోజు కోసం ఆగి ఉండవచ్చు. ఒకే చిత్రానికి ఫోన్ కాల్స్ ప్రమాణం. రాతకు లెక్క తలకిందులవుతుంది: ఆలస్యం గురించి రాశాక 'నా చీర ఎక్కడ?' అని అడిగే సందేశాలు ఎన్ని తగ్గాయన్నదే చూడాలి.

సేవ్‌లు బాగా ఉండి సందేశాలు రాకపోతే ధరనో, పంపే ఖర్చునో అనుమానించాలి. సందేశాలు వచ్చి అందరూ ఒకే ప్రశ్న అడుగుతుంటే, ఆ ప్రశ్నకు జవాబిచ్చే చిత్రం వరుసలో లేదని అర్థం.

చివరి చీర అమ్ముడైన రోజున ఇంకొక పని మిగిలి ఉంటుంది. నాలుగు కరౌసెల్‌ల వివరాల్లోనూ మొదటి వాక్యంగా 'అమ్ముడైంది' అని చేర్చి, తర్వాతి పడుగు ఎప్పుడు దిగుతుందో, ఏ రంగుల్లో ఉంటుందో రాయాలి. పోస్టులను తొలగించనవసరం లేదు. సేవ్ చేసుకున్న అరవైమందిలో కొందరు వాటిని మళ్లీ తెరుస్తారు.